తాళం మీరు వేయకపోతే దొంగ వేసుకుంటాడు

2022 నవంబరు మూడో వారాంతం. అమెరికాలో డ్రాఫ్ట్‌కింగ్స్ బెట్టింగ్ సైటు వాడేవాళ్లు చాలామంది ట్విట్టర్‌లో దాదాపు ఒకే కథ చెప్పుకొచ్చారు. తాము వేయని 5 డాలర్లు ఖాతాలో డిపాజిట్ అయ్యాయి. కాసేపటికి పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. మార్చుకుందామంటే సైటు రెండో కోడ్ అడుగుతోంది, ఆ కోడ్ ఎవరిదో తెలియని ఫోన్ నంబరుకు పోతోంది. ఈలోపు లోపల డబ్బు ఖాళీ అవుతోంది.

ఈ ఖాతాదారులు టూ-ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్ తర్వాత సైటు అడిగే ఆ రెండో కోడ్, పెట్టుకోలేదు. దొంగ లోపలికి రాగానే తన నంబరుతో తనే పెట్టుకున్నాడు. ఇల్లుగలవాడు తలుపుకి గొళ్లెం పెట్టుకోకపోతే, దొంగ లోపలికొచ్చి అదే గొళ్లెం లోపలనుంచి బిగించుకున్నట్టు. టూ-ఫ్యాక్టర్ గురించి నేను చూసే సలహాల్లో చాలావాటికి ఈ కోణమే లేదు. ‘అదనపు భద్రత, కావాలంటే పెట్టుకోండి’ అన్న ధోరణిలో రాస్తారు. నా వాదన వేరే. డబ్బున్న ఖాతాలో ఖాళీగా ఉన్న టూ-ఫ్యాక్టర్ గడి దానంతటదే ఒక కన్నం. దాన్ని మీరు నింపకపోతే ఇంకొకడు నింపుతాడు, అప్పుడది మీ మీదికే తిరుగుతుంది.

ముందు ఆ దొంగతనం ఎలా జరిగిందో కొంచెం నెమ్మదిగా చూద్దాం. తాళం ఎక్కడ వేయాలో అందులోనే తెలుస్తుంది.

న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం ఆ దాడి నవంబరు 18న జరిగింది. సుమారు 60,000 ఖాతాలు తెరుచుకున్నాయి. వాటిలో దాదాపు 1,600 ఖాతాల నుంచి 6 లక్షల డాలర్ల వరకు పోయాయి. అంటే డబ్బు పోయిన ఖాతాకు సగటున 375 డాలర్లు. చేసినవాడు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ ఊరికి చెందిన కుర్రాడు, కేసు పెట్టేనాటికి వయసు 18. 2023 ఫిబ్రవరిలో ఇల్లు సోదా చేస్తే అతని కంప్యూటర్లో దాదాపు 4 కోట్ల యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలు దొరికాయి. వాటితోపాటు 700 దాకా కన్ఫిగ్ ఫైళ్లు. ఏ సైటు లాగిన్ పేజీని ఎలా తట్టాలో దాడి సాఫ్ట్‌వేర్‌కు చెప్పేవి ఆ ఫైళ్లే. నేరం ఒప్పుకున్నాక 2024లో 18 నెలల జైలుశిక్ష పడింది.

ఇక్కడ సైటు గోడ ఎవరూ పగలగొట్టలేదు. ఆ 4 కోట్ల జతల్లాంటివి ఎక్కడెక్కడో ఎప్పుడో లీకైన సరుకు. ఏ షాపింగ్ సైటో, పాత ఫోరమో, ఫుడ్ డెలివరీ యాపో పోగొట్టుకున్నవి. వాటిని సాఫ్ట్‌వేర్ ఒకదాని తర్వాత ఒకటి బెట్టింగ్ సైటు లాగిన్‌లో వేసి చూస్తుంది. అన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి వస్తే సైటు పట్టేస్తుంది కాబట్టి వేలాది ప్రాక్సీల మీదుగా, అంటే వేరే చిరునామాలు చూపే మధ్యవర్తి కంప్యూటర్ల మీదుగా పంపుతారు. దీన్ని క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. మీరు 2016లో ఎక్కడో పెట్టిన పాస్‌వర్డే ఇక్కడా పెట్టి ఉంటే, దొంగ మీ పాస్‌వర్డ్ కనిపెట్టలేదు, గుత్తిలోంచి తీసి తిప్పాడంతే.

మరి ఆ 5 డాలర్లు ఎందుకు? ఇదే అసలు కిటుకు. డబ్బు బయటికి తీయాలంటే అంతకుముందు డిపాజిట్ చేసిన మార్గంలోకే తీయాలని బెట్టింగ్ సైట్లు పట్టుబడతాయి. నల్లధనం కడగకుండా పెట్టుకున్న నియమమది. దొంగ ఆ ఖాతాలో తన పేమెంట్ మార్గం ఒకటి కొత్తగా చేర్చాడు. దాన్నుంచి 5 డాలర్లు వేశాడు. సైటు దృష్టిలో అది ‘పరీక్షించిన మార్గం’ అయిపోయింది. ఇక ఉన్న బాలెన్స్ అంతా అదే మార్గంలో బయటికి పోయింది. కాపలాకి పెట్టిన నియమాన్నే మెట్టుగా వాడుకున్నాడు. కొందరి ఖాతాలకు బ్యాంకు కూడా కలిపి ఉండటంతో అక్కడినుంచి కూడా లాగారని బాధితులు చెప్పారు. తెరుచుకున్న ఖాతాలన్నిటినీ ఇతనొక్కడే దోచుకోలేదు. ఖాతాలను ఇంటర్నెట్లో దుకాణం పెట్టి అమ్మారు, కొన్నవాళ్లకు డబ్బు ఎలా తీయాలో సూచనలు కూడా ఇచ్చారు.

కాబట్టి మీరు వేయని చిన్న డిపాజిట్ కనబడితే ‘పోనీలే, డబ్బు వచ్చిందే కానీ పోలేదుగా’ అనుకోవద్దు. అది విత్‌డ్రాకి ముందు వేసే అడుగు. ఆ మెయిల్ చూసిన నిమిషం నుంచి మీ చేతిలో ఉండేది కొద్ది సమయమే.

ఇంకో సంగతి. న్యూజెర్సీ గేమింగ్ అధికారులు ఆ దాడికి కొన్ని నెలల ముందే, 2022 జూన్ చివరి నుంచి, తమ రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదం ఖాతాలకు టూ-ఫ్యాక్టర్ తప్పనిసరి చేశారు. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్న మనవాడు ‘మళ్లీ కోడ్ ఏంట్రా బాబూ’ అని విసుక్కునేది ఆ నియమాన్నే. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోండి అని వదిలేస్తే ఎవరూ పెట్టుకోరన్న సంగతి వాళ్లకు తెలుసు.

కోడ్ అడిగే దొంగ సైటు

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే ప్రశ్న. టూ-ఫ్యాక్టర్ పెట్టుకున్నవాళ్లవి కూడా పోతున్నాయి కదా? పోతున్నాయి. అయితే స్టఫింగ్‌తో కాదు, ఫిషింగ్‌తో. రెండింటికీ తేడా ఉంది. స్టఫింగ్‌లో దొంగకి మీరెవరో కూడా తెలియదు, మీ వంతు వచ్చేసరికి కోడ్ అడిగితే పక్క ఖాతాకి పోతాడు. ఫిషింగ్‌లో మిమ్మల్నే కూర్చోబెట్టి కోడ్ కూడా మీచేతే కొట్టిస్తాడు.

అదెలాగంటే, మీకొక మెసేజ్ వస్తుంది. ‘మీ విత్‌డ్రా ఆగింది, కేవైసీ మళ్లీ చేయండి’ అని ఒక లింకు. సాధారణంగా పెద్ద మ్యాచ్ రోజున, మీ చేయి ఆగని సమయంలో వస్తుంది. లింకు నొక్కితే అచ్చం అసలు పేజీ. ఈమధ్య వాడే పద్ధతిలో అది కాపీ పేజీ కూడా కాదు, అద్దం లాంటిది. మీరు కొట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అదే క్షణంలో అసలు సైటుకి పంపుతుంది. అసలు సైటు నిజమైన ఓటీపీ మీ ఫోనుకి పంపుతుంది. మీరు దాన్ని దొంగ పేజీలో కొడతారు, అదీ అటు పోతుంది. అసలు సైటు తలుపు తీసి ‘ఇతను లోపలికి వచ్చాడు’ అని ఇచ్చే టోకెన్, అంటే సెషన్ కుకీ, మధ్యలో ఉన్నవాడి చేతికి చిక్కుతుంది. ఇక అతనికి మీ పాస్‌వర్డూ అక్కర్లేదు, కోడూ అక్కర్లేదు.

ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్ 30 సెకన్లకోసారి మారుతుందని ధైర్యపడేవాళ్లున్నారు. ఈ రిలేకి ఒకటి రెండు సెకన్లు చాలు. కాబట్టి ఎస్సెమ్మెస్ ఓటీపీ అయినా, యాప్ కోడ్ అయినా, మీ చేత్తో కొట్టే ఆరంకెలు ఏవైనా సరే, తప్పు పేజీలో కొడితే పోయినట్టే. దీన్ని కచ్చితంగా ఆపేది పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనే ఉండి వేలిముద్రతోనో, పిన్‌తోనో తెరుచుకునే కీ. అది సైటు అసలు చిరునామాకి ముడిపడి ఉంటుంది. చిరునామా ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫోను ఆ కీని బయటికే తీయదు. మనిషి మోసపోయినా కీ మోసపోదు. మీ సైటు పాస్‌కీ ఇస్తుంటే ఇంకో ఆలోచన లేకుండా అదే పెట్టండి.

ఇవ్వకపోతే పాస్‌వర్డ్ మేనేజర్ ఆ కాపలా కొంతవరకు కాస్తుంది. రోజూ తనంతట తనే యూజర్‌నేమ్ నింపే మేనేజర్ ఇవాళ నింపకుండా మౌనంగా ఉందంటే, చాలామంది ‘ఏదో తేడా చేసింది’ అనుకుని చేత్తో కొట్టేస్తారు. తేడా చేసింది మేనేజర్ కాదు, చిరునామా. అక్కడ ఆగి పైన బార్‌లో ఏముందో చదవండి. చదవడం కూడా ఎడమనుంచి కాదు. ఉదాహరణకి ఇలా ఉందనుకోండి (రెండూ ఎక్కడా లేని చిరునామాలే):

```
https://mybook.example/login
https://mybook.example.secure-kyc.test/login
```

రెండో దాంట్లో మీకు తెలిసిన పేరు ముందే కనబడుతుంది, కన్ను అక్కడే ఆగిపోతుంది. `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీత దగ్గరికి పోయి అక్కడినుంచి వెనక్కి చదవండి. దానికి ఆనుకుని ఉన్న `secure-kyc.test` అసలు యజమాని. దాని ముందు ఎంత మంచి పేరున్నా అది అద్దెకుండేవాడి బోర్డే. ఫోన్‌లో బార్ చిన్నది, చిరునామా తోక కత్తిరించి చూపిస్తుంది కాబట్టి ఒకసారి దాన్ని తాకి పూర్తిగా చూడాలి. ఇంతకంటే తేలిక పద్ధతి మెసేజ్‌లోని లింకు అసలు నొక్కకపోవడం. విత్‌డ్రా నిజంగా ఆగి ఉంటే, మీరు ఎప్పుడూ తెరిచే యాప్ తెరిస్తే అక్కడా చెబుతుంది.

ఫోన్ చేసేవాడిది ఇంకో రకం. ‘మీ ఖాతాలో ఎవరో లాగిన్ అవుతున్నారు, ఆపాలంటే మీకొచ్చిన కోడ్ చెప్పండి’ అంటాడు. నిజంగానే ఎవరో లాగిన్ అవుతున్నారు. ఆ ఎవరో ఇతనే. ట్విట్టర్‌లో కంపెనీకి ఫిర్యాదు రాస్తే పది నిమిషాల్లో ‘సపోర్ట్’ అని పేరు పెట్టుకున్న ఖాతా నుంచి డీఎం వచ్చేది కూడా ఈ బాపతే.

ఏది ముందు, ఏది తర్వాత

బెట్టింగ్ ఖాతాకి తాళం వేయడం ఆ ఖాతాలో మొదలవ్వదు, మెయిల్‌లో మొదలవుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే లింకు పోయేది మెయిల్‌కే. మెయిల్ చేతికొస్తే మిగతాదంతా దొంగకి పిల్లాట. అందుకే మొదట మెయిల్‌కి పాస్‌కీ కానీ ఆథెంటికేటర్ కానీ పెట్టండి. అక్కడున్నప్పుడే కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి `Filters and Blocked Addresses`, `Forwarding and POP/IMAP` అన్న రెండు పేజీలు చూడండి. మెయిల్‌లోకి ఒకసారి దూరినవాడు బెట్టింగ్ సైటు నుంచి వచ్చే మెయిళ్లన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్లగలడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అక్కడే ఉంటుంది. డబ్బు పోయాక ‘నాకు ఒక్క మెయిల్ కూడా రాలేదు’ అనేవాళ్లు ముందు చూడాల్సింది అక్కడే.

కొన్ని సైట్లు రెండో కోడ్‌ని మెయిల్‌కే పంపుతాయి. మెయిల్‌కీ, సైటుకీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే అది టూ-ఫ్యాక్టర్ కాదు, ఒకే తాళంచెవి రెండుసార్లు తిప్పడం.

తర్వాత బెట్టింగ్ సైటు. మేనేజర్ తయారు చేసిచ్చిన పాస్‌వర్డ్, ఇంకెక్కడా వాడనిది పెట్టండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అన్న చోట టూ-ఫ్యాక్టర్ ఉంటుంది. ఆథెంటికేటర్ ఎంచుకుంటే తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, దాని కింద ‘స్కాన్ కుదరకపోతే’ అంటూ అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి కీ ఉంటుంది. చాలామంది క్యూఆర్ స్కాన్ చేసి పేజీ మూసేస్తారు. అసలు విలువైనది ఆ కీయే. మీ ఫోనూ, సైటూ ఆ కీని, అప్పటి సమయాన్ని కలిపి విడివిడిగా లెక్క కట్టి ఒకే ఆరంకెలకు చేరతాయి. మధ్యలో ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. ఫోన్ పోతే ఆ కీని ఇంకో ఫోన్‌లో కొడితే అవే కోడ్‌లు వస్తాయి. కాబట్టి దాన్ని కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ పెట్టే చోట పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో ఉంచొద్దు, గ్యాలరీ చదివే యాప్‌లకు కొదవ లేదు. సైటు రికవరీ కోడ్‌లు ఇస్తే అవీ ఆ కాగితం మీదే.

అయ్యాక వెంటనే లాగౌట్ అవ్వకండి. ఆ విండో అలాగే ఉంచి, ఇంకో బ్రౌజర్లో కొత్తగా లాగిన్ అయి చూడండి. కోడ్ తీసుకుంటే సరే. తీసుకోకపోతే చాలాసార్లు కారణం ఫోన్ గడియారం. లెక్కలో సమయం ఉంది కాబట్టి ఒక నిమిషం అటూ ఇటూ ఉన్నా కోడ్ తప్పు అంటుంది. సమయం ఆటోమేటిక్‌లో పెడితే సర్దుకుంటుంది. మొదటి విండో మూయలేదు కనుక మీరు బయట చిక్కుకుపోరు.

ఎస్సెమ్మెస్ తప్ప ఇంకేదీ ఇవ్వని సైట్లు ఉన్నాయి. అప్పుడు ఎస్సెమ్మెస్సే పెట్టండి. ‘దొంగ మన నంబరును తన సిమ్‌లోకి మార్పించుకుంటాడట, సిమ్ స్వాప్ అవుతుందట, అందుకే పెట్టలేదు’ అనడం వాన వస్తే గొడుగు తడుస్తుందని గొడుగు వదిలేసి పోవడం లాంటిది. 1,600 ఖాతాల మీద పడ్డవాడు ఒక్కొక్కరి సిమ్ మార్పించే ఓపికతో రాలేదు. అయితే మీ మొబైల్ కంపెనీ యాప్‌లో నంబరు వేరే కంపెనీకి పోకుండా, కొత్త సిమ్‌లోకి మారకుండా ఆపే లాక్ ఉందేమో చూడండి. వెరిజాన్, టీ-మొబైల్ రెండూ ఇస్తున్నాయి, పైసా ఖర్చు లేదు.

ఇంకొక్క పని. ఖాతాలో ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ ఉంటే నొక్కండి, ఎందుకంటే ఇదివరకే దూరినవాడి సెషన్ మీరు టూ-ఫ్యాక్టర్ పెట్టినంత మాత్రాన తెగిపోతుందని నమ్మకం లేదు. పేమెంట్ మార్గాల జాబితా తెరిచి మీది కానిది ఏదైనా ఉందా చూడండి. బాలెన్స్ అక్కడ నిలవ ఉంచొద్దు. బెట్టింగ్ సైటు బ్యాంకు కాదు, వాలెట్‌లో ఉన్న మొత్తానికి బ్యాంకు డిపాజిట్‌కి ఉండే బీమా ఉండదు.

ఇన్ని చేసినా కంప్యూటర్లో కుకీలు దొంగిలించే మాల్వేర్ ఉంటే టూ-ఫ్యాక్టర్ ఏమీ చేయలేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, గేమ్ చీట్‌ల వెంట అది వస్తుంది. పిల్లలు గేమ్‌లు దించే కంప్యూటర్లో డబ్బు ఖాతాలు తెరవకపోవడమే దానికి మందు.

ఏపీకే అనే సంగతి

నకిలీ యాప్‌ల దగ్గరికొస్తే అమెరికాకీ మనకీ దారులు వేరవుతాయి.

అమెరికాలో గూగుల్ ప్లే 2021 మార్చి దాకా డబ్బుతో ఆడే జూదం యాప్‌లను అనుమతించలేదు. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు సైటు నుంచే ఏపీకే, అంటే స్టోర్‌తో పనిలేకుండా వేసుకునే యాప్ ఫైలు, దించుకునేవాళ్లు. కంపెనీలే ‘అన్‌నోన్ సోర్సెస్ ఆన్ చేయండి’ అని జనానికి నేర్పించాయి. ఆ పాత గైడ్‌లు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి, దొంగలు ఆ అలవాటు మీదే బతుకుతున్నారు. ఇవాళ చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉన్నవాడికి ఏపీకే అవసరమే లేదు. రాష్ట్ర గేమింగ్ అధికారుల సైటులో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా ఉంటుంది, అక్కడినుంచి కంపెనీ సైటుకి, అక్కడినుంచి స్టోర్‌కి వెళితే మధ్యలో ప్రకటనలు, వెతుకులాట తగలవు. కాలిఫోర్నియాలోనో, టెక్సస్‌లోనో కూర్చుని ‘ఇక్కడ కూడా పనిచేస్తుంది’ అన్న స్పోర్ట్స్ బెట్టింగ్ యాప్ దించుకుంటే మాత్రం, అక్కడ దానికి రాష్ట్ర లైసెన్సే లేదు కాబట్టి అడిగే దిక్కు కూడా లేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకులు డబ్బు మళ్లించడాన్ని నిషేధించింది. అంటే హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో మీకు టెలిగ్రామ్‌లో వచ్చిన బెట్టింగ్ ఏపీకే అసలుదా, నకిలీదా అన్న ప్రశ్నకే అర్థం లేదు. పోల్చడానికి చట్టబద్ధమైన అసలు అంటూ లేదు. ఇక్కడ టూ-ఫ్యాక్టర్ సలహా కూడా నేనివ్వను. దొంగ సొంతంగా కట్టుకున్న ఇంట్లో మన గదికి తాళం వేసుకుని ఏం లాభం?

ఆ ఏపీకే లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలిసి ఉండాలి, ఎందుకంటే అది బెట్టింగ్ డబ్బుతో ఆగదు. వేయగానే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగితే, బ్యాంకు ఓటీపీ దాని కంట పడ్డట్టే. ఇంకా ప్రమాదమైనది యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన ఈ సదుపాయం, తెర మీద ఉన్నదంతా చదివి, మీ బదులు బటన్లు నొక్కగలదు. 2020లోనే సెర్బెరస్ అనే ఆండ్రాయిడ్ మాల్వేర్ ఈ దారిలో గూగుల్ ఆథెంటికేటర్ కోడ్‌లను కూడా చదవగలిగేలా తయారైంది. ఆండ్రాయిడ్ 13 నుంచి గూగుల్ అడ్డం పెట్టింది. బయటినుంచి దించిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే `Restricted setting` అని ఆపేస్తుంది. అందుకని దొంగలు ఇప్పుడు వీడియో తీసి పంపుతున్నారు. యాప్ ఇన్ఫోలోకి వెళ్లు అన్నా, పైన మూడు చుక్కలు నొక్కు, `Allow restricted settings` కొట్టు, అంతే అన్నా, అని. ఆ మాట ఎవరైనా చెబితే అక్కడితో సంభాషణ ముగించవచ్చు. ఏ ఆటకీ మీ తెర చదవాల్సిన పని లేదు.

ఐఫోన్ వాళ్లకి ఏపీకే బెడద లేదు కానీ, పరీక్షలో ఉన్న యాప్‌ల కోసం ఆపిల్ పెట్టిన టెస్ట్‌ఫ్లైట్ లింకుతోనో, ప్రొఫైల్ వేయమనో దించుతారు. `Settings > General > VPN & Device Management` తెరిస్తే మీ ఆఫీసు పెట్టని ప్రొఫైల్ ఏదైనా ఉందేమో కనబడుతుంది.

ఇప్పటికే వేసేసి ఉంటే ఒక క్రమం పాటించాలి. ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. బ్యాంకుకి వేరే ఫోన్ నుంచి చేయండి. తర్వాత యాక్సెసిబిలిటీలోనూ, డివైస్ అడ్మిన్ యాప్‌లలోనూ ఆ యాప్ అనుమతి తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అనుమతి ఉండగా తీయబోతే అది మీ వేలికంటే ముందే వెనక్కి బటన్ నొక్కేస్తుంది, తెర ఎగిరిపోతుంది. అలా జరిగితే సేఫ్ మోడ్‌లో తీయాలి. పాస్‌వర్డ్‌లు మార్చడం ఆ ఫోన్‌లో కాదు, ఇంకోదాంట్లో.

ఈ యాప్‌ల ఇంకో ఆట ‘విత్‌డ్రా పన్ను’. తెర మీద మీ బాలెన్స్ 2 లక్షలని చూపిస్తుంది. తీద్దామంటే ‘30 శాతం టీడీఎస్ ముందు కట్టండి’ అంటుంది. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ 2023 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. కానీ టీడీఎస్ అంటేనే ఇచ్చేదాంట్లో కోసుకుని ఇవ్వడం. ముందు మీ జేబులోంచి పంపించమనే టీడీఎస్ లోకంలో లేదు. తెర మీద ఉన్న 2 లక్షలు కూడా డబ్బు కాదు, ఒక అంకె.

మోసపోయాక ‘నేను ఆడిందే తప్పు, పోలీసు దగ్గరికి ఎలా పోను’ అని చాలామంది ఊరుకుంటారు. దొంగ లెక్క వేసుకునేది ఆ మౌనాన్నే. 2025 కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, రాష్ట్ర చట్టాల సంగతి వేరు కాబట్టి భయంగా ఉంటే ముందు వకీలుతో మాట్లాడండి. కానీ ఆలస్యం మాత్రం చేయొద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, `cybercrime.gov.in`లో రాసినా, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో నిలిచి ఉంటేనే దాన్ని ఆపగలరు. నాలుగు ఖాతాలు దాటి ఏటీఎంలోంచి బయటికి వచ్చాక ఆపడానికి ఏమీ ఉండదు. అమెరికాలో ఉన్నవాళ్లు బ్యాంకుకి చెప్పాల్సిన గడువు కూడా గట్టిదే. డెబిట్ కార్డు లాంటిది దొంగచేతిలో పడిందని తెలిసిన రెండు పనిదినాల్లోపు చెబితే మీ నష్టం 50 డాలర్లు దాటదు, దాటితే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకి చెప్పకపోతే ఆ తర్వాత పోయేదానికి హద్దే లేదు. సైటు సపోర్ట్‌కి చాట్‌లో రాసేటప్పుడు ఆ చిన్న డిపాజిట్ సమయం, చేరిన కొత్త పేమెంట్ మార్గం, మారిన ఫోన్ నంబరు, ఈ మూడూ ముందే చెబితే వాళ్లు విత్‌డ్రా ఆపే అవకాశం ఎక్కువ.

చివరగా, మన పిల్లలు ఎవరూ పట్టించుకోని ఒక చిన్న కన్నం. చదువో, వీసానో అయిపోయి ఇండియాకి వచ్చేస్తారు, అమెరికా నంబరు వదిలేస్తారు. వదిలేసిన నంబరును అక్కడి కంపెనీ కనీసం 45 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. బెట్టింగ్ ఖాతాలో 80 డాలర్లు, దానికి కలిపిన బ్యాంకు ఖాతా, ఓటీపీ పోయే ఆ పాత నంబరు మాత్రం అలాగే ఉంటాయి. విమానం ఎక్కే వారం ముందే, ఆ రాష్ట్రంలో ఉండగానే, డబ్బు తీసేసి, బ్యాంకును విడదీసి, ఖాతా మూసేయమని సైటుకి రాయండి. ఇక్కడికొచ్చాక ప్రయత్నిస్తే లొకేషన్ చూసి తలుపు తీయకపోవచ్చు, తీసినా కోడ్ వచ్చే నంబరు మీ దగ్గరుండదు.